మాస్టారికి, మీ కౌంటర్ వాళ్ళు

మాస్టారూ, నమస్కారం.

మీకు ఇవ్వాల్సిన సన్మాన పత్రం కోసం ప్రింటింగ్ షాపుకి వెళ్తే వాళ్ళు నమూనా ఒకటి చేతిలో పెట్టారు. “అంకితభావానికి, క్రమశిక్షణకు మారుపేరుగా నిలిచి, మృదుస్వభావిగా, స్నేహశీలిగా అందరి మన్ననలు పొంది, సుదీర్ఘకాలం శాఖకు విశిష్ట సేవలందించి నేడు పదవీ విరమణ చేయుచున్న మీ శేష జీవితం ఆయురారోగ్య ఐశ్వర్యాలతో వర్ధిల్లాలని...” పేరు మార్చుకుంటే చాలు, ఎవరికైనా సరిపోతుంది. దాన్ని మధ్యాహ్నం భోజనాల దగ్గర చదివితే పోస్ట్‌మ్యాన్ బాబాయ్ అంతా విని, “బానే ఉందమ్మా, ఇందులో మన మాస్టారు ఎక్కడున్నారు?” అన్నారు. ఆ మాటతో అందరం క్యారియర్లు పక్కన పెట్టి మీ గురించి చెప్పుకోవడం మొదలెట్టాం. ఆ చెప్పుకున్నదే ఇది.

ముందు కువైట్ మామ్మ సంగతి. ఆవిడ అసలు పేరు పాస్‌బుక్‌లో ఉంది గానీ, కూతురు కువైట్‌లో ఉంటుంది కాబట్టి ఆఫీసులో అందరికీ కువైట్ మామ్మే. ఆవిడ జీవితమంతా కొబ్బరి పీచుతో తాళ్ళు పేనింది. వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర మిషన్ వచ్చాక ఆవిడ డబ్బులు తీసుకోవడం పెద్ద గండమైపోయింది. బొటనవేలు పెడితే తీసుకోదు, చూపుడువేలు పెడితే తీసుకోదు. వెనకాల క్యూలో వాళ్ళు విసుక్కుంటున్నారు. ఆవిడేమో తప్పు చేసినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంటోంది. అప్పుడు మీరు కౌంటర్ దాటి బయటికొచ్చారు. కుండలో నీళ్ళతో ఆవిడ చెయ్యి కడిగించి, మీ కండువాతో తుడిచి, “కంగారు లేదు మామ్మా, పది వేళ్ళున్నాయి కదా” అంటూ ఒక్కొక్క వేలూ పెట్టించారు. ఎడమ చేతి ఉంగరపు వేలు దగ్గర మిషన్ ఒప్పుకుంది. మామ్మ ముఖం చూడాలి అప్పుడు!

నన్ను పట్టేసింది మాత్రం ఆ తర్వాత మీరు చేసిన పని. పాస్‌బుక్ వెనక అట్ట మీద, ఒక మూలన, పెన్సిల్‌తో చిన్నగా రాశారు: “ఎడమ – ఉంగరపు వేలు – చెయ్యి తడి చేయాలి.” ఎందుకండీ అని అడిగితే, “నేను లీవులో ఉంటే మామ్మ మళ్ళీ పది వేళ్ళూ పెట్టుకోవాలా?” అన్నారు. ఇవాళ మన ఆఫీసులో అలాంటి పెన్సిల్ రాతలున్న పాస్‌బుక్కులు ఎన్నో. “చెవి సరిగా వినపడదు, గట్టిగా చెప్పాలి.” “మనవడు వెంట వస్తే డబ్బు ఆవిడ చేతికే ఇవ్వాలి.” “చూపు తక్కువ, నోట్లు లెక్కపెట్టి వినిపించాలి.” ఏ రూల్ బుక్‌లోనూ లేని రాతలు ఇవి. కొత్తగా చేరిన అమ్మాయి కౌంటర్‌లో కూర్చుంటే ముందు పాస్‌బుక్ వెనక్కి తిప్పి చూస్తోంది. ఆ అలవాటు మీ నుంచి వచ్చిందని తనకు ఇప్పుడు తెలియాలి.

“రేపు రండి.” ఈ మాట మీ నోట మేం వినలేదు. గవర్నమెంటు ఆఫీసులో ఇది ఎంత అరుదో కౌంటర్ అవతల నిలబడ్డ ఎవరినడిగినా చెబుతారు. సర్వర్ డౌన్ అయినా మీరు “రేపు రండి” అనరు. “ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళండి, రాగానే చేయిస్తాను” అంటారు, నిజంగానే ఫోన్ చేయిస్తారు. లంక గ్రామాల నుంచి రేవు దాటి వచ్చేవాళ్ళకి ఒక ట్రిప్పు అంటే పూట కూలి పోవడమే అని మీరు మాకు ఎప్పుడూ క్లాసు పీకలేదు. వాళ్ళని ముందు పిలవడం చూసి మేమే నేర్చుకున్నాం.

పెద్ద నోట్ల రద్దు రోజులు గుర్తున్నాయా మాస్టారూ? 2016 నవంబరు 10 పొద్దున ఆఫీసు తీసేసరికి క్యూ మెయిన్ రోడ్డు మీద సోడా బండి దాకా ఉంది. మనిషికి నాలుగు వేల దాకా మార్చుకోవచ్చన్నారు గానీ మన దగ్గరున్న క్యాష్ ఎంతమందికి వస్తుందో ఎవరికీ తెలియదు. అందరం ఒకటే టెన్షన్. మీరు క్యూ పొడుగునా నడిచి, చేతిలో ఎంత డబ్బుందో దాచకుండా చెప్పేశారు. “ఇంతమందికి వస్తుంది. మిగతావాళ్ళు ఎండలో నిలబడకండి, డబ్బు రాగానే కబురు పెడతాను.” గొడవవుతుందని మేం భయపడ్డాం. అవలేదు. కూతురి పెళ్ళి పెట్టుకున్న ఒకాయనకి మాత్రం క్యూలో ముందున్నవాళ్ళే దారిచ్చారు. మీరు నిజం చెబుతారని ఊరికి తెలుసు, అందుకే ఆ రోజు అలా గడిచింది. వచ్చిన ప్రతివాళ్ళకీ ఫారం మీరే నింపారు. సాయంత్రానికి మీ వేళ్ళు ముడుచుకుపోయి గ్లాసు పట్టుకోవడం రాక రెండు చేతులతో టీ తాగారు.

1996 తుఫాను మాలో చాలామందికి చిన్నప్పటి మాట. బాబాయ్ అయితే కళ్ళారా చూశారు. నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి చెట్లు తలలు తెగి పడిపోయాక, అప్పుడు పక్క ఊళ్ళో గుమాస్తాగా ఉన్న మీరు తడిసిన పాస్‌బుక్కుల్ని ఆఫీసు వరండాలో తాడు కట్టి ఆరేశారట. ఎవరిది ఏ పుస్తకమో తెలియక జనం వరండా ముందు నిలబడితే ఒక్కొక్కటీ విప్పి పేరు చదివి ఇచ్చారట. హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి బంధువులు పంపిన మనియార్డర్లు వస్తే, కింద కూపన్ మీద రాసిన నాలుగు ముక్కలూ మీరే చదివి వినిపించేవారట. “డబ్బు కన్నా ఆ కూపన్ కోసమే చెవులు రిక్కించేవారమ్మా” అంటూ బాబాయ్ కళ్ళు తుడుచుకున్నారు. మేం ఇన్నాళ్ళూ మీతో పనిచేసి ఈ సంగతి ఎప్పుడూ వినలేదు. మీరు చెప్పుకోరు. అందుకే ఈ రోజు మీ ముందే చదువుతున్నాం. మధ్యలో “ఇక చాలు” అనకండి.

2022 జులై గోదావరి వరద మాత్రం మేమందరం చూసిందే. రిజిస్టర్డ్ ఉత్తరాలు బీరువా మీద పెట్టి, పడవ దొరికిన రోజున బాబాయ్‌తో పాటు మీరూ ఎక్కారు. మీరు వెళ్ళాల్సిన పని కాదది. ఆ కట్టలో ఒక కుర్రాడి ఉద్యోగం ఆర్డరు ఉంది, చేరాల్సిన తేదీ దగ్గర పడింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో వాళ్ళ అరుగు మీదకెక్కి సంతకం పెట్టించుకొచ్చారు. ఆ అబ్బాయి ఇప్పుడు రాజమండ్రిలో పనిచేస్తున్నాడు. సంక్రాంతికి ఊరొస్తే ముందు మన ఆఫీసుకే వస్తాడు.

ఇక రోజువారీ సంగతులకొస్తే, పొద్దున్నే తేదీ ముద్ర అక్షరాలు మార్చి, తెల్లకాగితం మీద ఒక ముద్ర వేసి, వెలుగుకేసి పట్టి చూసుకోవడం మీకే అలవాటు. ముద్ర అలుక్కుపోతే ఊరుకోరు. “ఈ తేదీ మీదే ఒకడి దరఖాస్తు నిలుస్తుంది, పోతుంది” అనేవారు. ఫ్యాన్ మాత్రం రెండో నంబరు దాటనిచ్చేవారు కాదు, వోచర్లు ఎగిరిపోతాయని. మే నెలలో కూడా! గోదావరి ఒడ్డున ఏరుకొచ్చిన నున్నటి గులకరాళ్ళు అందరి టేబుళ్ళ మీదా కాగితాల బరువుగా పెట్టిన రోజున ఫ్యాన్ మూడో నంబరుకి ఎక్కింది. ఆ రాళ్ళు మేం ఎవరికీ ఇవ్వం.

నాకు చంటిపిల్ల ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం క్యాష్ వంద రూపాయలు తేడా వచ్చింది. టాలీ అయితే గానీ ఎవరూ కదలకూడదు. మీరు గడియారం చూసి, “పాప ఎదురుచూస్తుంది, నువ్వెళ్ళమ్మా, నేనున్నాను” అన్నారు. రాత్రి తొమ్మిది దాటాక మీ దగ్గర్నుంచి ఫోన్: “దొరికిందమ్మా, రెండు కొత్త నోట్లు అంటుకుపోయాయి. నిశ్చింతగా పడుకో.” పొద్దున చెప్పినా సరిపోయే మాట అది. నేను రాత్రంతా నిద్రపోనని మీకు తెలిసి ఫోన్ చేశారు. అలా తోచే మనిషి పై అధికారిగా దొరకడం నా అదృష్టం.

మేడంగారికి కూడా ఈ రోజు చెప్పాలి. మీ క్యారియర్‌లో ఎప్పుడూ నలుగురికి సరిపడా వచ్చేది. ఆవిడ పనసపొట్టు కూర వాసన వస్తే తపాలా సంచులు దింపే డ్రైవరు కూడా కాసేపు ఆగేవాడు. మీరు ఆలస్యంగా ఇంటికెళ్ళిన సాయంత్రాలన్నీ ఆవిడ మాకు అప్పుగా ఇచ్చినవే. ఆ అప్పు మేం తీర్చలేం మేడం.

ఏడాదిలో మీరు నోరు తెరిచి అడిగే లీవు ఒక్కటే, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి. అది కూడా డిసెంబరు నుంచే “వీలైతే చూడండి” అంటూ మొహమాటంగా అడిగేవారు. వచ్చే కనుమకి లీవు లెటర్ అక్కర్లేదు. ప్రభలు కౌశిక దాటి వచ్చేదాకా నిలబడి తీరిగ్గా చూడండి. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి మేడంగారిని తీసుకెళ్ళండి, ఎన్నో ఏళ్ళుగా వాయిదా పడుతోందని ఆవిడే చెప్పారు. పొద్దున లేవగానే సర్వర్ వచ్చిందా అని అడక్కండి. మేం చూసుకుంటాం.

ఇక పని సంగతి. మీకు అరవై నిండాయి కాబట్టి సీనియర్ సిటిజన్ పొదుపు ఖాతా తెరుస్తానన్నారు. ఫారం నేను నింపి పెట్టాను, మీ సంతకం ఒక్కటే బాకీ. వడ్డీ మూడు నెలలకోసారి పడుతుంది. నేరుగా సేవింగ్స్ ఖాతాలోకే వెళ్తుంది గానీ, పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకోవడానికి మీరు రావాలి. వచ్చినప్పుడు పన్నెండున్నరకి రండి, క్యారియర్‌తో రండి. మీరు క్యూలోనే నిలబడతానంటారని మాకు తెలుసు. సరే, నిలబడండి. మీ కుర్చీ మాత్రం క్యూ పక్కనే వేసి ఉంచుతాం.

ప్రేమతో, నమస్కారాలతో,
రెండో కౌంటర్ నుంచి మీ అమ్మాయి,
పోస్ట్‌మ్యాన్ బాబాయ్, డాక్ సేవక్ తమ్ముళ్ళు, కొత్తగా చేరిన చెల్లి, ఇంకా మన ఆఫీసులో అందరూ
31 డిసెంబరు 2025