వినికిడి పరీక్ష సారాంశం: ఆడియోగ్రామ్ ఆధారంగా చెవుల వారీ వివరణ

వినికిడి విభాగం నుంచి ఈఎన్‌టీ విభాగానికి. పరీక్ష తేదీ: 2024 జూలై 16.

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో 26 ఏళ్లుగా పాలిషర్ల దగ్గర పనిచేస్తున్న 54 ఏళ్ల ఈ వ్యక్తి, మాట వినపడుతోంది గానీ ఏమన్నారో తెలియడం లేదని, ముఖ్యంగా మనవరాలి మాటలు అసలు అందడం లేదని చెబుతున్నారు. చిన్నతనంలో ఎడమ చెవి కారేదట. ఆ చెవి కర్ణభేరికి రంధ్రం ఉన్నట్టు మీ విభాగం పంపిన చీటీలో ఉంది. పెద్ద శబ్దం విన్న తర్వాత కొన్ని గంటలపాటు వినికిడి తాత్కాలికంగా మందగించవచ్చు కనుక, ఆయన రెండు రోజులు మిల్లుకు వెళ్లకుండా వచ్చారని నిర్ధారించుకున్నాకే శబ్ద నిరోధక గదిలో పరీక్ష చేశాము. 1000 హెర్ట్జ్ వద్ద రెండోసారి చూసినప్పుడు రెండు చెవుల్లోనూ తేడా 5 డెసిబెల్స్ మించలేదు కాబట్టి, ఈ రీడింగులను నమ్మవచ్చు.

కుడి చెవి (ఎర్ర సున్నాలు): ఇయర్‌ఫోన్‌తో, అంటే వాయు వాహకతలో, ఆయన వినగలిగిన అతి తక్కువ స్థాయి 250 హెర్ట్జ్ వద్ద 15 డెసిబెల్స్, 500 వద్ద 20, 1000 వద్ద 25, ఇంతవరకు వినికిడి సాధారణ పరిధిలోనే ఉంది. 2000 వద్ద గీత 40కి దిగి స్వల్ప లోపాన్ని, 3000 వద్ద 55కి దిగి మధ్యస్థ లోపాన్ని చూపిస్తోంది. 4000 వద్ద 65, 6000 వద్ద 60 డెసిబెల్స్ ఉన్నందున అక్కడ లోపం మధ్యస్థానికీ తీవ్రానికీ నడుమ ఉంది. అయితే 8000 వద్ద గీత మళ్లీ 45కి పైకి లేచింది. వయసుతో వచ్చే లోపంలో గీత సాధారణంగా చివరిదాకా దిగుతూనే పోతుంది. ఇలా 4000 దగ్గర గుంటపడి, 8000 దగ్గర తేరుకోవడం మాత్రం దీర్ఘకాలం శబ్దంలో పనిచేసినవారిలో కనిపించే ఆకృతి. ఎముక వాహకతను చూసిన అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ వాయు వాహకతకు, దానికి మధ్య అంతరం 5 డెసిబెల్స్‌కు మించలేదు కాబట్టి, ఇది లోపలి చెవికి సంబంధించిన లోపమే. మాటలు గుర్తించే కనీస స్థాయి 30 డెసిబెల్స్. వినపడే స్థాయిలో చదివిన మాటల్లో 88 శాతం సరిగా చెప్పారు.

500, 1000, 2000 హెర్ట్జ్‌ల సగటు తీస్తే కుడి చెవికి 28.3 డెసిబెల్స్ వస్తుంది. లెక్క ప్రకారం ఇది స్వల్ప లోపం. ఈ ఒక్క అంకెనే రాసి ఊరుకుంటే ఆయన ఫిర్యాదు అతిగా అనిపిస్తుంది, ఎందుకంటే అసలు నష్టం ఉన్న 4000 ఈ సగటులోకి రానే రాదు. దాన్ని కూడా కలిపితే సగటు 37.5 అవుతుంది. అచ్చులు దాదాపు స్పష్టంగా అంది, స, శ వంటి హల్లులు జారిపోవడం వల్ల ‘సరే’ అన్న మాట ఆయనకు ‘అరే’లా వినిపించడంలో వింత లేదు.

ఎడమ చెవి (నీలం ఇంటూ గుర్తులు): వాయు వాహకతలో 250, 500 హెర్ట్జ్‌ల వద్ద 50, 1000 వద్ద 45, 2000 వద్ద 50 డెసిబెల్స్ వచ్చాయి, ఇవన్నీ మధ్యస్థ లోపం కిందికే వస్తాయి. 3000 వద్ద 65, 8000 వద్ద 65 మధ్యస్థ-తీవ్ర స్థాయిలో, 4000, 6000ల వద్ద 75 తీవ్ర స్థాయిలో ఉన్నాయి. మూడు ఫ్రీక్వెన్సీల సగటు 48.3, నాలుగింటిది 55 డెసిబెల్స్. ఎముక మీద పెట్టిన శబ్దాన్ని మెరుగైన కుడి చెవి అందుకునే అవకాశం ఉన్నందున, ఆ చెవిలో మాస్కింగ్ శబ్దం పెట్టి తీసిన రీడింగులనే ఇక్కడ లెక్కలోకి తీసుకున్నాము: 500, 1000ల వద్ద 20, 2000 వద్ద 40, 4000 వద్ద 65. అంటే 500 వద్ద 30, 1000 వద్ద 25 డెసిబెల్స్ అంతరం ఉండగా, పై ఫ్రీక్వెన్సీల్లో అది 10కి తగ్గింది. కింది భాగంలోని నష్టం ప్రధానంగా మధ్య చెవిది, పై భాగంలోనిది ప్రధానంగా లోపలి చెవిది కావడంతో దీన్ని మిశ్రమ లోపంగా నమోదు చేస్తున్నాము. టింపనోగ్రామ్ చదునుగా, చెవి ఘనపరిమాణం ఎక్కువగా ఉండటం కర్ణభేరి రంధ్రంతో సరిపోతోంది. మాటలు గుర్తించే కనీస స్థాయి 50 డెసిబెల్స్, సరిగా చెప్పిన మాటలు 84 శాతం.

వికలాంగుల ధ్రువపత్రం గురించి ఆయన అడిగారు. 2016 నాటి చట్టం వినికిడి లోపానికి రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ నష్టాన్ని కోరుతుంది కనుక, ఈ రీడింగులతో అది రాదని వివరించాము.

ఎడమ చెవి రంధ్రానికి శస్త్రచికిత్స అవసరమా అన్నది మీరు తేల్చాక ఆ చెవికి వినికిడి యంత్రం సంగతి చూస్తాము. కుడి చెవికి మాత్రం పై ఫ్రీక్వెన్సీలనే పెంచే, చెవి కాలువను పూర్తిగా మూయని యంత్రాన్ని ఇప్పుడే అమర్చి చూడవచ్చు. మిల్లులో చెవి లోపల పెట్టే ప్లగ్గులు కాకుండా పైనుంచి కప్పే ఇయర్‌మఫ్‌లు వాడమని, స్నానం చేసేటప్పుడు ఎడమ చెవిలోకి నీరు పోనివ్వవద్దని చెప్పాము. ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్షకు రావాలి.