ప్యాకింగ్ స్లిప్ 4471 కింద 12 పెట్టెల సరుకు తక్కువగా అందిన విషయమై లేఖ

సరఫరా విభాగం మేనేజరు గారికి,

నమస్కారం.

విషయం: ఇన్వాయిస్ 4471, అదే సంఖ్య గల ప్యాకింగ్ స్లిప్ ప్రకారం రావలసిన 144 పెట్టెలకు బదులు 132 పెట్టెలే అందడం, తక్కువైన 12 పెట్టెల చిన్న సైజు నోటుపుస్తకాలను పంపించవలసిందిగా కోరడం.

ఈ నెల 6వ తేదీ ఉదయం మీ గోడౌను నుంచి మా దుకాణానికి రెండు ప్యాలెట్ల సరుకు వచ్చింది. ప్యాకింగ్ స్లిప్‌లో పెద్ద సైజు నోటుపుస్తకాలు 72 పెట్టెలు, చిన్న సైజు నోటుపుస్తకాలు 36 పెట్టెలు, డ్రాయింగ్ పుస్తకాలు 36 పెట్టెలు, మొత్తం 144 పెట్టెలని రాసి ఉంది. పెద్ద నోటుపుస్తకాలు, డ్రాయింగ్ పుస్తకాలు సంఖ్యలో తేడా లేకుండా అందాయి. చిన్న నోటుపుస్తకాలు మాత్రం 36కు బదులు 24 పెట్టెలే వచ్చాయి. పెట్టెకు 40 చొప్పున మాకు అందవలసిన పుస్తకాల్లో 480 తగ్గాయి.

ఈ విషయం అదే రోజు ఫోనులో మీ కార్యాలయానికి తెలియజేశాను. డెలివరీ రసీదు మీద మా సంతకం ఉంది కనుక సరుకు పూర్తిగా అందినట్టే లెక్క అని మీ సిబ్బంది చెప్పారు. ఆ సంతకం దేనికి పెట్టామో ముందుగా స్పష్టం చేయడం అవసరం. రవాణా సంస్థ రసీదులో సరుకును 144 పెట్టెలుగా కాక 2 ప్యాలెట్లుగా నమోదు చేశారు. లారీ డ్రైవరుకు మీరు అప్పగించినవి ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టిన రెండు ప్యాలెట్లు, ఆయన మాకు అప్పగించినవీ అవే. రెండో ప్యాలెట్ ఎత్తు తక్కువగా ఉందని దించగానే గమనించి, ఆ రసీదు మీద సంతకానికి పైన, “2 ప్యాలెట్లు ఫిల్మ్ తెగకుండా అందాయి, రెండో ప్యాలెట్ ఎత్తు తక్కువ, పెట్టెలు లెక్కించవలసి ఉంది” అని డ్రైవరు ఎదుటే రాశాను. ఆ వాక్యం కింద ఆయన కూడా సంతకం చేశారు. మా సంతకం ప్యాలెట్లు అందాయనడానికే గాని, వాటిలోని పెట్టెల సంఖ్యను ఒప్పుకున్నందుకు కాదు.

ఇక లెక్క విషయం. ఫిల్మ్ విప్పకముందు తీసిన ఫొటోలు, విప్పుతూ ఒక్కో లేయరుకు తీసిన ఫొటోలు, ప్యాకింగ్ స్లిప్ ఫొటో ఈ లేఖతో పంపుతున్నాను. సంభాషణలో ఏ ఫొటో గురించి మాట్లాడుతున్నామో ఇద్దరికీ తెలిసేలా వాటికి 1 నుంచి 10 వరకు సంఖ్యలు వేశాను. 1వ ఫొటోలో ప్యాకింగ్ స్లిప్ నాలుగు అంచులూ కనిపించేలా, ప్రతి అంకె చదవగలిగేలా ఉంది. స్లిప్ అడుగున ప్యాలెట్ వివరాలు కూడా మీరే ఇచ్చారు: ఒక్కో ప్యాలెట్‌కు 6 లేయర్లు, లేయరుకు 12 పెట్టెలు, మూడు రకాల పెట్టెలూ 25 సెంటీమీటర్ల ఎత్తు. నా లెక్క మొత్తం మీ స్లిప్ ఇచ్చిన ఈ కొలతల మీదే ఆధారపడి ఉంది.

2వ ఫొటోలో రెండు ప్యాలెట్లూ ఫిల్మ్‌తో సహా ఒకే నేల మీద పక్కపక్కన ఉన్నాయి, మధ్యలో కొలత టేపు నిలువుగా పట్టి ఉంది. అడుగున ఉన్న చెక్కతో కలిపి మొదటిది 165 సెంటీమీటర్లు, రెండోది 140 సెంటీమీటర్లు. తేడా 25 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా ఒక పెట్టె ఎత్తు. రెండు ప్యాలెట్లకూ పై లేయరు ఖాళీలు లేకుండా చదునుగా ఉంది కాబట్టి, ఒకటి రెండు పెట్టెలు జారిపోయినట్టు గాక, ఒక లేయరు మొత్తం లేనట్టు ఈ ఒక్క ఫొటోలోనే తెలుస్తుంది.

ఫొటోలో కనిపించేవి బయటి పెట్టెలే కదా, లోపలివి ఎలా లెక్కించారని మీరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న, అందుకే దానికి వివరంగా జవాబు చెబుతున్నాను. 3వ ఫొటో రెండో ప్యాలెట్‌ను ఒక మూల నుంచి, 4వ ఫొటో దానికి ఎదురు మూల నుంచి తీసినవి. రెండూ కలిపి చూస్తే నాలుగు వైపులూ కనిపిస్తాయి. వెడల్పు వైపున వరుసకు 4 పెట్టెలు, పక్క వైపున 3 పెట్టెలు ఉన్నాయి. నాలుగు వైపులా కనిపించే ముఖాలను కూడితే లేయరుకు 14 వస్తాయి, కాని మూలల్లో ఉన్న 4 పెట్టెలూ రెండేసి వైపుల నుంచి కనిపిస్తాయి కాబట్టి వాటిని ఒక్కసారే లెక్కించాలి. అప్పుడు బయటి చుట్టులో ఉన్నవి 10 పెట్టెలు. ఈ మూలల సంగతి ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, మీ కార్యాలయంలో ఎవరైనా ముఖాలను మాత్రమే లెక్కిస్తే 5 లేయర్లకు 70 అని వస్తుంది, అది 72కు దగ్గరగా ఉండటంతో లోటు రెండు పెట్టెలేనన్న అభిప్రాయం కలిగే ప్రమాదం ఉంది.

బయటి 10 పెట్టెలు పోగా లేయరు మధ్యలో మిగిలేది 2 పెట్టెలు పట్టే చోటు. ఆ చోటు బయటి ఫొటోల్లో కనిపించదన్నది నిజమే. కాని అక్కడ 2 కంటే తక్కువ ఉండవచ్చు గాని ఎక్కువ ఉండటానికి వీలు లేదు. అందువల్ల 5 లేయర్ల ప్యాలెట్‌లో ఎక్కువలో ఎక్కువ 60 పెట్టెలు మాత్రమే పడతాయి. అంటే లోపలి భాగం ఎలా ఉన్నా, మీ స్లిప్ చెప్పే 72 పెట్టెలు ఆ ప్యాలెట్ మీద ఉండటం సాధ్యం కాదు. ఆ తర్వాత లోపల ఖాళీలు ఉన్నాయేమోనని ఒక్కో లేయరునూ పైనుంచి ఫొటో తీస్తూ దించాము. 5 నుంచి 9 వరకు ఉన్న ఆ ఐదు ఫొటోల్లోనూ లేయరుకు 12 పెట్టెలు నిండుగా కనిపిస్తాయి. రెండో ప్యాలెట్ లెక్క 60 అని అలా ఖాయమైంది. మొదటి ప్యాలెట్‌లో 72 పెట్టెలూ ఉన్నాయి, దాని గురించి మాకు ఏ అభ్యంతరమూ లేదు.

వీటన్నిటికంటే గట్టి ఆధారం పెట్టెల మీది లేబుళ్లు. మీరు ప్రతి పెట్టెకూ 1 నుంచి 144 వరకు వరుస సంఖ్య ముద్రించి అంటించారు. స్లిప్ ప్రకారం 1 నుంచి 72 వరకు పెద్ద నోటుపుస్తకాలు, 73 నుంచి 108 వరకు చిన్నవి, 109 నుంచి 144 వరకు డ్రాయింగ్ పుస్తకాలు. మాకు అందిన వాటిలో 1 నుంచి 96 వరకు, మళ్లీ 109 నుంచి 144 వరకు సంఖ్యలున్నాయి. 97 నుంచి 108 వరకు ఒక్కటీ లేదు. 3వ ఫొటోను పెద్దది చేసి చూస్తే, రెండో ప్యాలెట్ అడుగున రెండు లేయర్లకు చిన్న నోటుపుస్తకాల నీలం లేబుళ్లు, ఆ వెంటనే మూడో లేయరు నుంచి డ్రాయింగ్ పుస్తకాల ఆకుపచ్చ లేబుళ్లు కనిపిస్తాయి. నీలం లేబుళ్ల మూడో లేయరు ఉండవలసిన చోట 109వ పెట్టె ఉంది. 10వ ఫొటోలో అందిన 24 చిన్న నోటుపుస్తకాల పెట్టెలనూ సంఖ్యలు చదవగలిగేలా వరుసగా పేర్చి చూపించాను.

పోయినవి దారిలో పోయి ఉంటే అక్కడొకటి ఇక్కడొకటిగా పై లేయరు నుంచి, అంటే డ్రాయింగ్ పుస్తకాల నుంచి పోవాలి. కింద ఉన్న ఒక లేయరును పూర్తిగా తీసి, పైవాటిని తిరిగి అంత చదునుగా పేర్చి, మీ ముద్ర ఉన్న టేపుతో ఫిల్మ్ మళ్లీ చుట్టడం దారిలో జరిగే పని కాదు. మాకు చేరినప్పుడు ఫిల్మ్ ఎక్కడా తెగలేదు, టేపు మీద మీ ముద్ర చెదరలేదు. 2, 3, 4 ఫొటోలు మూడింటిలోనూ ఇది కనిపిస్తుంది. కాబట్టి ప్యాలెట్ కట్టే సమయంలోనే ఆ లేయరు ఎక్కలేదని, 97 నుంచి 108 వరకు సంఖ్యలున్న పెట్టెలు మీ గోడౌనులోనే ఎక్కడో ఉండే అవకాశం ఎక్కువని నా అభిప్రాయం. ఎవరి మీదా నింద వేయాలన్నది నా ఉద్దేశం కాదు. లారీ డ్రైవరు మా దగ్గర ఓపికగా నిలబడి, చూసినది చూసినట్టు ఒప్పుకుని సంతకం చేశారు. ఈ లోటును ఆయన మీదకు నెట్టవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఈ ఆధారాల మేరకు మిమ్మల్ని కోరేది ఇది. ముందుగా ఆ రోజు ప్యాలెట్లు కట్టిన చోట, మిగిలిన నిల్వలో, 97 నుంచి 108 వరకు సంఖ్యలున్న పెట్టెల కోసం వెతికించండి. అవి దొరికితే అవే, దొరకకపోతే అదే రకం చిన్న నోటుపుస్తకాల 12 పెట్టెలు, రవాణా ఖర్చు మీరే భరించి, ఈ లేఖ అందిన 7 రోజుల్లోగా మాకు చేరేలా పంపించండి. ఆ గడువులో సరుకు ఇవ్వలేకపోతే 12 పెట్టెలకు ఇన్వాయిస్ ధర ప్రకారం, పన్నుతో సహా, క్రెడిట్ నోట్ ఇవ్వండి. నాకు సరుకు రావడమే ముఖ్యం. చిన్న నోటుపుస్తకాలకు కొనుగోలుదార్ల నుంచి ముందే ఆర్డర్లు తీసుకున్నాము, 24 పెట్టెలతో అందరికీ సర్దలేము. ఒకరికి ఇచ్చి మరొకరిని వెనక్కి పంపవలసి రావడం మా దుకాణం మాటకు సంబంధించిన విషయం.

చెల్లింపు సంగతి కూడా దాచకుండా చెబుతాను. అందిన 132 పెట్టెలకు రావలసిన మొత్తాన్ని ఇన్వాయిస్‌లో ఉన్న గడువు తేదీకే చెల్లిస్తాము. ఈ 12 పెట్టెల మొత్తాన్ని మాత్రం సరుకో క్రెడిట్ నోటో వచ్చేదాకా ఆపి ఉంచుతాము. ఈ వివాదాన్ని సాకుగా చూపి మిగిలిన సొమ్ము ఆపే ఉద్దేశం మాకు లేదు. అలాగే రెండు పెట్టెలకు మూలలు నలిగాయి గాని లోపలి పుస్తకాలు చెడలేదు. వాటి గురించి ఏమీ అడగడం లేదు.

కోసిన ఫిల్మ్, మీ ముద్ర ఉన్న టేపు, డెలివరీ రసీదు అసలు ప్రతి భద్రంగా ఉంచాము. చిన్న నోటుపుస్తకాల పెట్టెల లేబుళ్లను అమ్మకానికి విప్పేటప్పుడు కూడా చింపకుండా తీసి దాస్తున్నాము. ఫొటోల అసలు ఫైళ్లు తీసిన సమయం వివరాలతో సహా ఫోనులో అలాగే ఉన్నాయి. లేఖతో పంపినవి సైజు తగ్గించిన ప్రతులు కనుక, అసలువి కావాలంటే వెంటనే పంపుతాను. మీ తరఫున ఎవరైనా వచ్చి చూడాలనుకుంటే దుకాణం తెరిచి ఉండే ఏ వేళనైనా రావచ్చు. మీరు కూడా ఆ రోజు ప్యాలెట్లు కట్టినప్పుడు రాసుకున్న లేయర్ల లెక్క, లోడింగ్ సమయంలో ఫొటోలు తీసి ఉంటే అవి, మాకు చూపించండి. మీ రికార్డులో రెండో ప్యాలెట్ ఎత్తు 165 సెంటీమీటర్లని ఉంటే, ఆ కొలత ఎప్పుడు, ఎవరు తీశారో తెలపండి.

మరొక చిన్న మనవి. ఇకమీదట రవాణా సంస్థ రసీదులో ప్యాలెట్ల సంఖ్యతో పాటు లేయర్ల సంఖ్య కూడా రాయించగలిగితే, దించే చోటే ఫిల్మ్ విప్పకుండా ఇద్దరమూ సరిచూసుకోవచ్చు. ఈ లేఖ అందినట్టు రాతపూర్వకంగా తెలియజేసి, పెట్టెల విషయమై మీ నిర్ణయాన్ని పైన చెప్పిన గడువులోగా తెలపగలరు.

ఇట్లు,
భవదీయ,
దుకాణ యజమాని
(మీ ఖాతాదారు సంఖ్య 318)

జత చేసినవి: 1 నుంచి 10 వరకు ఫొటోలు, డ్రైవరు సంతకం ఉన్న డెలివరీ రసీదు నకలు, ఇన్వాయిస్ 4471 నకలు.