సాయినగర్‌లో మా టైలరింగ్ షాపు 14న తెరుస్తున్నాం: అడ్రస్, టైమింగ్స్, ఆఫర్ అన్నీ ఇక్కడే

మొన్నటి పోస్టు చూసి షాపు ఎక్కడ, ఎన్ని గంటలకు రావాలి, కుట్టుకూలి ఎంత అని అడిగిన అక్కలకు, అమ్మలకు అందరికీ ఇదిగో వివరంగా రాస్తున్నాను.

మా 'సూదిదారం లేడీస్ టైలరింగ్' ఆగస్టు 14, శుక్రవారం మొదలవుతుంది. పొద్దున తొమ్మిదిన్నరకు పూజ, పదకొండు నుంచి బట్టలు తీసుకుంటాం. పూజకు కూడా రండి, కొనాలని కుట్టించాలని ఏం లేదు, ప్రసాదం తీసుకుని షాపు చూసి వెళ్లినా మాకు సంతోషమే.

అడ్రస్: అనంతపురం, సాయినగర్, మూడో క్రాస్. సప్తగిరి సర్కిల్‌లో ఆటో దిగి సాయినగర్ వైపు నడిచి వస్తే, మూడో క్రాస్‌లోకి తిరగ్గానే ఎడమ చేతి వైపు రెండో బిల్డింగ్. కింద మెడికల్ షాపు ఉంటుంది, దాని పక్కనే మెట్లు, మేం మొదటి అంతస్తులో ఉంటాం, పసుపు రంగు బోర్డు రోడ్డు మీదికే కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మెట్లెక్కే పని పెట్టుకోవద్దు, కిందినుంచి ఒక్క కేక వేస్తే నేనో మా చెల్లెలో దిగి వచ్చి బట్ట తీసుకుంటాం. స్కూటీ బిల్డింగ్ ముందే పెట్టుకోవచ్చు.

టైమింగ్స్: పొద్దున 10 నుంచి రాత్రి 8:30 వరకు, మధ్యాహ్నం 2 నుంచి 3 వరకు భోజనానికి మూస్తాం. ఆదివారం 10 నుంచి 1 వరకే. మంగళవారం సెలవు, దయచేసి ఆ రోజు ఎండలో వచ్చి తాళం చూసి వెనక్కి పోకండి.

ఇప్పుడు ఆఫర్. లైనింగ్ బ్లౌజు కుట్టుకూలి మామూలుగా 450 రూపాయలు, ఆగస్టు 31 వరకు 350. ఇందులో లైనింగ్ బట్ట, హుక్స్, పైపింగ్ అన్నీ కలిసే ఉన్నాయి, తర్వాత "లైనింగ్‌కు వేరే" అని అడగం. ఒకేసారి రెండు లైనింగ్ బ్లౌజులు ఇస్తే ఒక చీరకు ఫాల్, పీకో ఉచితం, ఫాల్ బట్ట కూడా మాదే. లెక్క బట్ట ఇచ్చిన తేదీకి, తీసుకెళ్లే తేదీకి కాదు, 31న ఇచ్చి సెప్టెంబరులో తీసుకెళ్లినా 350 రూపాయలే. లైనింగ్ లేని కాటన్ బ్లౌజు 200, దానికి ఆఫర్ లేదు. మగ్గం వర్క్, టాసెల్స్ కూడా ఇందులోకి రావు, వాటి ధర డిజైన్ చూశాకే చెప్పగలం. పిల్లల పట్టు లంగాలు, చుడీదార్లు కుడతాం, మగవాళ్ల షర్టులు, ప్యాంట్లు మాత్రం కుట్టం.

వచ్చేటప్పుడు మీకు బాగా సరిపోయే ఆది జాకెట్టు ఒకటి తెచ్చుకోండి, అది సంక దగ్గర పట్టేస్తుందా, భుజం జారుతుందా అన్నది చెప్పండి, కొత్తదాంట్లో ఆ ఇబ్బంది లేకుండా సరిచేస్తాం. ఆది లేకపోతే ఇక్కడే కొలతలు తీసుకుంటాం, తీసేది ఆడవాళ్లమే. ధర్మవరం పట్టుచీర ఉన్నవాళ్లు బ్లౌజు ముక్క ఇంట్లో మీరే కత్తిరించొద్దు, చీర మొత్తం తీసుకొస్తే మీ ముందే కొలిచి, అంచు ఎటు రావాలో అడిగి కట్ చేస్తాం. అంచు చేతులకు రావాలా వీపుకు రావాలా అనేది కత్తెర పెట్టకముందే తేల్చుకోవాలి, ఒకసారి తెగిన పట్టును ఏం చేయలేం. లైనింగ్ బట్టను తడిపి ఆరేశాకే కుడతాం, లేకపోతే మొదటి ఉతుకుకే లోపలిది కుంచించుకుని పైబట్ట ముడతలు పడుతుంది. పక్క కుట్టుల లోపల ఇంచు బట్ట వదులుతాం, రేపు కాస్త ఒళ్లు చేసినా విప్పి కుట్టుకోవచ్చు. మిగిలిన ముక్కలు కవర్లో పెట్టి మీకే ఇచ్చేస్తాం.

బట్ట ఇచ్చిన రోజే తేదీ రాసిన చీటీ ఇస్తాం. లైనింగ్ బ్లౌజుకు నాలుగు రోజులు, ఫాల్, పీకోకు రెండు రోజులు. "రేపు రండమ్మా, ఎల్లుండి రండమ్మా" అని తిప్పించుకునే పద్ధతి మా దగ్గర ఉండదు, అందుకే రోజుకు కుట్టగలిగినన్నే తీసుకుంటాం. శ్రావణ మాసం కదా, వరలక్ష్మీ వ్రతానికి వేసుకోవాలనుకుంటే మాత్రం 17వ తేదీ సోమవారంలోపు బట్ట ఇచ్చేయండి. ఆ తర్వాత వచ్చినవాటికి వ్రతం లోపు అని మాట ఇవ్వలేను, టెన్షన్‌లో కుట్టి పాడుచేయడం నాకు ఇష్టం లేదు.

బట్ట ఇచ్చేటప్పుడు సగం డబ్బు, వేసుకుని చూసుకున్నాక మిగతా సగం. ఫోన్‌పే ఉంది, క్యాష్ అయినా సరే. ఎక్కడైనా బిగుతు, వదులు ఉంటే పదిహేను రోజుల్లోపు తెస్తే డబ్బు తీసుకోకుండా సరిచేస్తాం.

ఇంకేమైనా అడగాలంటే ఈ పేజీకే మెసేజ్ పెట్టండి, షాపు మూశాక రాత్రి కూర్చుని అన్నింటికీ జవాబిస్తాను. చీర ఫోటో పంపి ఎలాంటి మెడ నప్పుతుందని అడిగినా చెప్తాను.