తిరుపతిలో లాడ్జీలకు, కొట్లకు లెక్కలు రాస్తాను

అకౌంటెంట్‌ని. పుట్టింది చిత్తూరు, ఉండేది తిరుపతి. బీకాం చదివాను. ఈ పనిలో 18 ఏళ్లు. ఇప్పుడు 2 లాడ్జీలు, ఒక ఎలక్ట్రికల్ షాపు, ఒక బియ్యం హోల్‌సేల్ కొట్టు నా చేతిలో ఉన్నాయి.

రోజు బిల్లులు ట్యాలీలో ఎక్కిస్తాను. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూస్తాను. జీతాలు లెక్క కడతాను. పీఎఫ్, ఈఎస్ఐ 15వ తేదీలోపు కట్టిస్తాను. నెలనెలా జీఎస్టీ వేసేవాళ్లకు 11లోపు జీఎస్టీఆర్-1, 20లోపు 3బీ. ఆడిట్ సంతకం నాది కాదు, సీఏది. ఆయన అడిగే కాగితాలన్నీ సర్ది ఇస్తాను.

పని నేర్చుకున్నది చిత్తూరులో ఒక బెల్లం మండీలో. మొదటి నెలలోనే ఒకరోజు లెక్క తేలలేదు. 270 రూపాయలు తేడా. నా పర్సులోంచి వేసేద్దామనుకున్నాను. పెద్ద గుమాస్తా గారు చూశారు. "ఆగమ్మా, 270ని తొమ్మిదితో భాగించు" అన్నారు. శేషం రాలేదు. "అయితే అంకెలు అటూ ఇటూ అయ్యుంటాయి, వెతుకు" అన్నారు. రాత్రి ఎనిమిదింటికి దొరికింది. 5,960కి బదులు 5,690 రాశాను. ట్యాలీ వచ్చినా ఆ తప్పు పోలేదు. కొట్టే వేళ్లు అవే కదా.

లాడ్జీ లెక్క వేరు. డబ్బు మూడు దారుల్లో వస్తుంది: నగదు, ఫోన్‌పే, ఆన్‌లైన్ బుకింగ్. నైట్ షిఫ్ట్ అబ్బాయి క్యాష్ అప్పగించేటప్పుడు 500 నోట్లు ఎన్ని, 200 ఎన్ని, 100 ఎన్ని అని విడిగా రాయాలి. మొత్తం ఒక్కటే రాస్తే తీసుకోను. ఆన్‌లైన్ డబ్బు కమిషన్ పోగా బ్యాంకులో పడుతుంది. గది బిల్లు 1,800 అయితే పడేది అంతకన్నా తక్కువే. కొందరు ఓనర్లు పడినంతే అద్దె అని రాసుకుంటారు. రిటర్న్ తప్పేది అక్కడే. బిల్లు మొత్తం అద్దెలో చూపించి, కమిషన్ ఖర్చులో రాస్తాను.

సరుకు రాని బిల్లు ఎక్కించను. ఈ మాట మీదే ఒక ఓనరు నన్ను మాన్పించారు. ఆ నెల కాస్త ఇబ్బంది పడ్డాను, అంతే.

తమిళం బాగా వచ్చు. వేలూరు వ్యాపారులతో బాకీల సంగతి నేనే మాట్లాడతాను. ఇంగ్లీషులో నోటీసు వస్తే చదివి, ఏం అడిగారో తెలుగులో చెబుతాను.

సోమవారం నుంచి శనివారం వరకు, ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా పని. 19, 20 తేదీల్లో కొత్త పని ఒప్పుకోను. ఆ రెండు రోజులూ పోర్టల్ నెమ్మదిస్తుంది, నాకు టెన్షన్ పెరుగుతుంది.

బిల్లులు వాట్సాప్‌లో ఫొటో పంపినా చాలు. మసకగా ఉంటే మళ్లీ అడుగుతాను. పెట్రోల్ బంకు బిల్లు మాత్రం ఆ రోజే ఫొటో తీయండి. కొన్నాళ్లకు ఆ కాగితం మీద అక్షరం మిగలదు.