ఐసు ముక్క ఎందుకు తేలుతుంది?

కరిగిన కొబ్బరినూనెలో గడ్డకట్టిన కొబ్బరినూనె ముక్క వేసి చూడండి. నేరుగా అడుగుకు దిగిపోతుంది. పేరిన నెయ్యి కూడా అంతే. చాలా పదార్థాలు చల్లబడేకొద్దీ వాటి అణువులు దగ్గరకు జరుగుతాయి. అదే చోటులో ఎక్కువ పదార్థం ఇముడుతుంది కనుక సాంద్రత పెరుగుతుంది. ద్రవం కంటే సాంద్రత ఎక్కువైన ఘనపదార్థం అందులో మునగాల్సిందే. మరి నీళ్లలో ఐసు ముక్క ఎందుకు మునగదు?

నిలువు గోడల ప్లాస్టిక్ డబ్బాలో 10 సెంటీమీటర్ల ఎత్తుకు నీళ్లు పోసి, మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టి, రాత్రికి ఫ్రీజర్‌లో ఉంచండి. (గాజు పాత్ర వద్దు, పగులుతుంది.) పొద్దున చూస్తే గడ్డ గీతను దాటి దాదాపు 11 సెంటీమీటర్లకు చేరి ఉంటుంది, నడిమి భాగం కాస్త ఉబ్బి కనిపిస్తుంది. కొత్తగా నీళ్లేమీ చేరలేదు. ఉన్న నీరే సుమారు 9 శాతం ఎక్కువ చోటు ఆక్రమించింది. అందుకే ఒక ఘన సెంటీమీటరు నీటి బరువు సుమారు ఒక గ్రాము ఉంటే, అంతే ఐసు బరువు 0.917 గ్రాములే. తేలికైంది కనుక తేలింది.

ఎందుకు ఉబ్బిందో తెలియాలంటే అణువు దగ్గరకు వెళ్లాలి. నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. హైడ్రోజన్ వైపు కొద్దిగా ధనావేశం, ఆక్సిజన్ వైపు కొద్దిగా రుణావేశం ఉండటంతో ఒక అణువులోని హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్‌ను ఆకర్షిస్తుంది. దీన్నే హైడ్రోజన్ బంధం అంటారు. ద్రవంగా ఉన్నప్పుడు ఈ బంధాలు క్షణక్షణం తెగుతూ, మళ్లీ కలుస్తూ ఉంటాయి. గడ్డకట్టినప్పుడు మాత్రం ప్రతి అణువూ చుట్టూ ఉన్న నాలుగు అణువులతో స్థిరంగా ముడిపడుతుంది. కోలాటం గుర్తు తెచ్చుకోండి. ఆట మొదలవకముందు అందరూ గుంపుగా ఒరుసుకుంటూ నిలబడవచ్చు. ఆట మొదలైతే పక్కవారి కోలకు తన కోల సరిగ్గా తగిలేంత దూరంలో నిలవాలి, కాబట్టి వలయం విశాలమవుతుంది. మంచులో అణువులు అలాగే ఆరు భుజాల వలయాలుగా ఏర్పడతాయి, వాటి మధ్య ఖాళీలు మిగులుతాయి. హిమస్ఫటికానికి ఆరు కొమ్మలు ఉండటానికి మూలం ఈ అమరికే.

ఇప్పుడు అసలు విచిత్రం. 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న నీటిని వేడిచేస్తే అది వ్యాకోచించదు, 4 డిగ్రీల వరకు సంకోచిస్తుంది! మంచు కరిగినా, ఆ చల్లని నీటిలో విశాలమైన అమరిక కొంత మిగిలే ఉంటుంది. వేడి తగిలేకొద్దీ అది చెదిరి, అణువులు ఖాళీల్లోకి ఒదుగుతాయి. అదే వేడికి అణువుల కదలిక పెరిగి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి కూడా. 4 డిగ్రీల వరకు మొదటి ప్రభావానిది పైచేయి, ఆ తర్వాత రెండో దానిది. అందుకే 4 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత గరిష్ఠం. దీన్నే నీటి అసంగత వ్యాకోచం అంటారు.

స్కాట్లాండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ చార్లెస్ హోప్ 1805లో వెల్లడించిన ప్రయోగం దీన్ని కళ్లకు కడుతుంది. నిలువు జాడీలో నీళ్లు పోసి, పైన ఒకటి, కింద ఒకటి థర్మామీటర్లు అమర్చి, జాడీ నడుము చుట్టూ మంచు, ఉప్పు కలిపిన మిశ్రమం పెడతారు. చల్లబడిన నీరు కిందికి దిగుతుంది కనుక మొదట కింది థర్మామీటరు పడిపోతూ 4 డిగ్రీల వద్ద ఆగిపోతుంది. ఆ తర్వాత పై థర్మామీటరు పడటం మొదలై 0కి చేరుతుంది. నాలుగు కంటే చల్లనైన నీరు తేలికై పైకి వెళ్లిందన్నమాట. ఇంత చిన్న ఏర్పాటుతో ఇంత స్పష్టమైన జవాబు రాబట్టడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

చలికాలంలో కశ్మీర్‌లోని దాల్ సరస్సు విషయంలోనూ ఇదే జరుగుతుంది. చల్లబడిన పైనీరు కిందికి దిగుతూ నీరంతా 4 డిగ్రీలకు చేరుతుంది. ఇంకా చల్లబడినది పైనే నిలిచి గడ్డకడుతుంది. ఆ మంచు పొర వేడిని సులువుగా బయటికి పోనివ్వదు, అందువల్ల కింద నీరు ద్రవంగానే ఉండి చేపలు బతుకుతాయి. మంచు మునిగేదైతే సరస్సు అడుగు నుంచి పైకి గడ్డకట్టుకుంటూ వచ్చేది. ఉప్పు ఎక్కువగా ఉండే సముద్రపు నీటికి మాత్రం ఈ 4 డిగ్రీల మలుపు లేదు. గడ్డకట్టేదాకా దాని సాంద్రత పెరుగుతూనే పోతుంది. అయినా అక్కడ ఏర్పడే మంచు కూడా తేలుతుంది.

ఇక మీకొక ప్రశ్న. అంచుదాకా నీళ్లున్న గ్లాసులో ఐసు ముక్క తేలుతోంది, కొంత భాగం అంచుకు పైన ఉంది. కరిగితే నీళ్లు పొర్లుతాయా? పొర్లవు. తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటినే పక్కకు నెడుతుంది. కరిగిన ఐసు అదే బరువున్న నీరవుతుంది కనుక, మునిగి ఉన్న భాగం ఆక్రమించిన చోటులో అది సరిగ్గా సరిపోతుంది.