కట్ మిర్చి: రెండో వేపుడులోనే ఉంది కరకర

తెర మీద రాతలు (50 సెకన్లు)

0:00 ఇంట్లో కట్ మిర్చి మెత్తగా వస్తోందా? ఒక్కసారే వేయిస్తున్నారు!
0:03 బజ్జీ మిరపకాయలు 8. కడిగి, తడి లేకుండా తుడవండి
0:06 నిలువుగా ఒక గాటు. గింజలు తీసేయండి, తొడిమ ఉంచండి
0:10 లోపల రాయడానికి: చిక్కటి చింతపండు గుజ్జు 2 టీస్పూన్లు, వాము పొడి అర టీస్పూను, ఉప్పు పావు టీస్పూను, శనగపిండి 1 టీస్పూను
0:15 పిండి: శనగపిండి 1 కప్పు, బియ్యప్పిండి 2 టేబుల్ స్పూన్లు, ఉప్పు, కారం, పసుపు, వంటసోడా 2 చిటికెలు
0:20 గరిటె నుంచి రిబ్బనులా జారాలి. నీళ్ళలా కారితే పలచనైనట్టే
0:24 మొదటి వాయి: మధ్యస్థం మంట, 2 నిమిషాలు. లేత పసుపులో తీసేయండి
0:29 ఆగండి! 5 నిమిషాలు చల్లారాలి
0:32 అంగుళం ముక్కలుగా కోయండి
0:35 రెండో వాయి: పెద్ద మంట, నిమిషంన్నర
0:40 ఈ చప్పుడు వినండి 🔥
0:44 ఉల్లిపాయ, కొత్తిమీర, పల్లీలు, నిమ్మరసం. వెంటనే తినేయాలి!

వివరణ

బండి మీద బజ్జీలు ముందే సగం వేయించి గుట్టగా పెట్టి ఉంటాయి, చూశారా? అడిగినప్పుడు కోసి మళ్ళీ నూనెలో వేస్తారు. పని సులువుకే కాదు, రుచి కూడా అక్కడే. మిరపకాయను ఆనుకున్న పిండి మొదటి వాయిలో సరిగా ఉడకదు, కాయలోని నీరు దాన్ని తడిగానే ఉంచుతుంది. కోశాక రెండు చివరలూ తెరుచుకుంటాయి కదా, ఆవిరి బయటికి పోతుంది, వేడి నూనె లోపలికి చేరుతుంది. మొదటిసారే ఎర్రగా వేయించేస్తే రెండోసారి మాడుతుంది, అందుకే లేత పసుపులో ఆపమన్నది.

పిండికి కొలత: ఉప్పు ముప్పావు టీస్పూను, కారం అర టీస్పూను, పసుపు చిటికెడు. నీళ్ళు ముప్పావు కప్పు లోపే పడతాయి. ఒకేసారి పోయకండి, శనగపిండిని బట్టి మారుతుంది. ఉండలు లేకుండా కలిపి 10 నిమిషాలు ఉంచండి. వంటసోడా, ఒక టేబుల్ స్పూను కాగిన నూనె మాత్రం బాణలిలో వేసే ముందే కలపాలి. చాలాసేపు ముందుగా కలిపితే పొంగు అంతా గిన్నెలోనే అయిపోతుంది. సోడా ఎక్కువైతే బజ్జీ స్పాంజిలా నూనె పీల్చేస్తుంది, రంగు కూడా ఎర్రగా తిరుగుతుంది. బియ్యప్పిండి మానేయకండి, కరకర దానిదే.

కాయను తొడిమ పట్టి ముంచి, ఎక్కువైన పిండిని గిన్నె అంచుకు రాసేయండి. పూత మందంగా ఉంటే లోపల పచ్చిగా మిగులుతుంది. పిండి కాయకు అంటకుండా జారిపోతుందా? కాయ తడిగా ఉంది. ఒకసారి పొడి శనగపిండిలో దొర్లించి ముంచండి, పట్టుకుంటుంది.

గాటు పెట్టకుండా వేయకండి. లోపల ఆవిరి చేరి కాయ పేలి నూనె మొహాన పడుతుంది.

నూనె వేడి చూసే తీరు: చుక్క పిండి వేస్తే అడుక్కి వెళ్ళి నిదానంగా పైకి రావాలి, ఇది మొదటి వాయికి. రెండో వాయికి వేసిన వెంటనే పైకి తేలాలి. కోసిన ముక్కల్లో నీరు బయటపడి ఉంటుంది కాబట్టి నూనె బాగా చిటపటలాడుతుంది. అన్నీ ఒకేసారి గుమ్మరించకుండా నాలుగు కాయల ముక్కలు చొప్పున జల్లిగరిటెతో దించండి. ఎక్కువ వేస్తే నూనె చల్లారి ముక్కలు నూనె తాగేస్తాయి. తీశాక కాగితం మీద కాదు, జల్లి మీద పెట్టండి. కాగితం మీదైతే కింద ఆవిరి చేరి అడుగు మెత్తబడుతుంది.

పైన చల్లడానికి: సన్నగా తరిగిన ఉల్లిపాయ 1, గుప్పెడు కొత్తిమీర, వేయించిన పల్లీలు 2 టేబుల్ స్పూన్లు, చాట్ మసాలా అర టీస్పూను, నిమ్మకాయ సగం. ఉల్లిపాయలో ఉప్పు ముందే కలిపితే నీరు ఊరి బజ్జీ నానుతుంది. ప్లేటులో పెట్టాకే నిమ్మ పిండండి.

కారం తట్టుకోలేనివారికి: గింజలతో పాటు లోపలి తెల్లటి ఈనె కూడా గీకేయండి, ఘాటు ఎక్కువగా ఉండేది అందులోనే. పిల్లలకైతే ఇదే పిండిలో అరటికాయ ముక్కలు ముంచినా బాగుంటాయి, వాటికి ఒక్క వాయి చాలు.

సాయంత్రం చుట్టాలు వస్తున్నారా? మొదటి వాయి గంట ముందే వేయించి పెట్టుకోండి. వాళ్ళు కూర్చున్నాక కోసి రెండో వాయి వేస్తే 5 నిమిషాల్లో ప్లేటు రెడీ.

#కట్‌మిర్చి #మిరపకాయబజ్జీ #సాయంత్రంచిరుతిండి #బండిరుచులు #తెలుగువంటలు