ట్రయల్ ఆర్డర్‌కు ముందు టెస్ట్ రిపోర్టులు, లైసెన్సు కాగితాలు కోరుతూ

వరంగల్,
18 నవంబర్ 2025

సుధాకర్ గారికి,
మార్కెటింగ్ మేనేజర్,
జీడిమెట్ల, హైదరాబాద్.

విషయం: సబ్‌మెర్సిబుల్ ఫ్లాట్ కేబుల్ (మూడు కోర్లు, 2.5 మరియు 4 చదరపు మి.మీ.) ట్రయల్ ఆర్డర్ - టెస్ట్ రిపోర్టులు, లైసెన్సు కాపీ గురించి.

నమస్కారం సుధాకర్ గారూ,

పోయిన మంగళవారం మా దుకాణానికి వచ్చి మీరిచ్చిన కొటేషన్, నిన్న మెయిల్‌లో పంపిన ఫైళ్లు చూశాను. ధర నాకు ఒప్పుదలే, మళ్లీ బేరం పెట్టను. 2.5 సైజు వెయ్యి మీటర్లు, 4 సైజు 500 మీటర్లు ట్రయల్‌గా తీసుకుందామనే ఉంది. అయితే అడ్వాన్సు వేసే ముందు కొన్ని కాగితాలు కావాలి. మీరు పంపిన వాటితో నా పని జరగదు.

పంపినవి రెండు. ఒకటి ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్. అది మీ కంపెనీ పని పద్ధతి గురించి చెప్తుంది తప్ప కేబుల్ గురించి చెప్పదు. ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు పెట్టుకోవడానికి బాగుంటుంది. రెండోది టెస్ట్ రిపోర్టే, కాని 2021 నాటిది, అదీ ఇంటి వైరింగుకు వాడే 1.5 సింగిల్ కోర్ వైరుది. నేను కొనేది బోరులో దిగి ఏళ్లకేళ్లు నీళ్లలో నానే ఫ్లాట్ కేబుల్. పెసర్లు అడిగితే శనగల బిల్లు చూపించినట్టయింది.

ఇంత పట్టు ఎందుకంటే, నిరుడు దెబ్బ తిన్నాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వాళ్ల 2.5 కేబుల్ పర్వతగిరి వైపు ఒక రైతుకు ఇచ్చాను. 380 అడుగుల బోరు, 5 హెచ్‌పీ మోటారు, ఎకరంన్నర మిర్చి, మిగతాది వరి. నాలుగు నెలలు కాకముందే కేబుల్ ఇన్సులేషన్ చీలి ఒక ఫేజు పోయింది. రాత్రి కరెంటులో ఎవరూ చూడలేదు, మోటారు సింగిల్ ఫేజింగ్‌లో తిరిగి తిరిగి వైండింగ్ కాలిపోయింది. పైపులు పైకి గుంజిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. కేబుల్‌ను వేళ్ల మధ్య వంచితే ఎండిన గడ్డిపరకలా పెళుసుగా తెల్లగా పగిలింది. మీటరు ముక్క కోసుకొచ్చి, ఒక కోర్‌లోని రాగి తీగలన్నీ ఒలిచి, మా పక్క కంసాలి తరాజు మీద పెట్టించాను. "ఇదేం బంగారం సదన్నా" అని నవ్వాడాయన. 2.5 చదరపు మి.మీ. రాగి మీటరుకు లెక్క ప్రకారం 22 గ్రాముల పైన ఉండాలి. స్టాండర్డ్ రెసిస్టెన్స్ మీద నడుస్తుంది కాబట్టి కొంత తగ్గినా తప్పు పట్టను, కాని 19 అయినా దాటాలి. తూగింది 17. మోటారు రివైండింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. మిర్చికి తడి తప్పిన ఆ పది రోజులకు మాత్రం నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

అందుకే ఈసారి కాగితం నా దుకాణానికి వచ్చే డ్రమ్ముతో ముడిపడి ఉండాలి. ఎప్పుడో చేసిన మంచి కేబుల్ రిపోర్టు నాకు వద్దు.

మొదట లైసెన్సు సంగతి. మీ శాంపిల్ ముక్క మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694, సీఎం/ఎల్ నంబరు ఉన్నాయి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూశాను. కంపెనీ పేరు, చిరునామా సరిపోయాయి, లైసెన్సు నడుస్తున్నట్టే ఉంది. కాని అందులో ఫ్లాట్ కేబుల్, ఈ రెండు సైజులు చేరి ఉన్నాయో లేదో నాకు తేలలేదు. కాబట్టి చివరి రెన్యువల్‌తో సహా లైసెన్సు కాపీ, ఏయే రకాలు, ఏయే సైజులకు అనుమతి ఉందో రాసి ఉండే పేజీ పంపండి. దానిమీద కంపెనీ ముద్ర, సంతకం ఉండాలి. తనిఖీ వస్తే సరుకు దొరికేది నా షట్టరు లోపల. అప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది నేను.

ఇక టెస్టులు. టైప్ టెస్ట్ రిపోర్టు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌ది, ఈ ఫ్లాట్ కేబుల్‌దే, రెండు సైజులకూ విడివిడిగా కావాలి. మొదటి పేజీ ఒక్కటే కాదు, మొత్తం పేజీలు, యూఎల్ఆర్ నంబరు కనిపించేలా స్కాన్ చేసి పంపండి. ఆ నంబరు పట్టుకొని ల్యాబ్‌కు నేనే ఫోన్ చేసి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు.

దానితోపాటు, నాకు పంపబోయే డ్రమ్ముల మీద మీ ఫ్యాక్టరీలోనే చేసిన రొటీన్ టెస్ట్ షీట్లు కావాలి. డ్రమ్ము నంబరు, తయారైన నెల, పొడవు, టెస్ట్ చేసినవారి సంతకం వాటి మీద ఉండాలి. వాటిల్లో నేను ముందు చూసేది కండక్టర్ రెసిస్టెన్స్. ఐఎస్ 8130 ప్రకారం క్లాస్ 5 రాగికి, 20 డిగ్రీల దగ్గర, 2.5 సైజుకు కిలోమీటరుకు 7.98 ఓమ్స్, 4 సైజుకు 4.95 ఓమ్స్ దాటకూడదు. కొలిచినప్పటి వేడి ఎంతో, 20 డిగ్రీలకు మార్చాక ఎంత వచ్చిందో రెండూ రాయించండి. 40 డిగ్రీల ఎండలో కొలిస్తే మంచి రాగి కూడా దాదాపు 8 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఆ లెక్క కాగితం మీద లేకపోతే తర్వాత మీకూ నాకూ మాటపట్టింపు వస్తుంది.

ఇన్సులేషన్, షీత్ మందం, నీళ్లలో ముంచి చేసే హై వోల్టేజ్ పరీక్ష, ఇన్సులేషన్ రెసిస్టెన్స్ ఎలాగూ ఉంటాయి. నిరుటి దెబ్బ తర్వాత నాకు భయం పీవీసీ మీదే. లాగుడు బలం, సాగుడు శాతం, కొన్ని రోజులు వేడిలో ఉంచి చూసే ఏజింగ్ పరీక్ష ఫలితాలు తప్పకుండా ఉండాలి. టైప్ ఏ పీవీసీ అయితే చదరపు మి.మీ.కి 12.5 న్యూటన్లు, 150 శాతం సాగుడు తగ్గకూడదని తెలుసు. "పాస్" అని ఒక్క మాట రాస్తే సరిపోదు, వచ్చిన అంకెలు వేయాలి. పీవీసీ కొత్తదేనా, రీసైకిల్ కలుపుతారా అన్నది ఒక లైనులో రాతపూర్వకంగా చెప్పండి.

ఇవి వచ్చాక, అదే డ్రమ్ముల నుంచి సైజుకు మూడు మీటర్ల ముక్కలు రెండేసి సీలు వేసి పంపండి. ఒక ముక్క నా ఖర్చుతో హైదరాబాద్‌లో ల్యాబ్‌కు ఇస్తాను, ఒకటి నా దగ్గర ఉంటుంది. రిపోర్టు మీ అంకెలతో కలిస్తే ఆ రోజే 50 శాతం అడ్వాన్సు, మిగతాది సరుకు దిగాక. దిగిన సరుకు తేడా వస్తే వెనక్కి పంపే లారీ కిరాయి మీది. దీనికి మీ మెయిల్‌లో "సరే" అన్న మాట ఉంటే చాలు, బాండు పేపరు అక్కర్లేదు.

టైము గురించి ఒక మాట. యాసంగి నాట్లప్పుడు కేబుల్ అంతగా కదలదు. ఫిబ్రవరిలో నీళ్లు కిందికి పోయి, మోటార్లు ఇంకో రెండు మూడు పైపులు దించేటప్పుడే గిరాకీ. అప్పటికి సరుకు నా గోడౌన్‌లో ఉండాలంటే కాగితాలు 28 నవంబర్ లోపు, ముక్కలు డిసెంబర్ మొదటి వారంలో రావాలి. ఏదైనా రిపోర్టు ఇప్పుడు లేకపోతే లేదని చెప్పండి, ఎన్ని రోజుల్లో చేయిస్తారో రాయండి. ఆగుతాను. వేరే సైజుది పంపి సర్దేయొద్దు.

మీ క్వాలిటీ విభాగం వాళ్లు నేరుగా మాట్లాడతామంటే ఇంకా మంచిది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య దుకాణంలో రద్దీ తక్కువ, అప్పుడు ఫోన్ చేయమనండి.

ఇట్లు,
సదయ్య
బోరు మోటార్లు, పంపు సామాన్ల వ్యాపారి,
నర్సంపేట రోడ్డు, వరంగల్.

జత: మీ కొటేషన్ కాపీ, శాంపిల్ ముక్క మీది ముద్ర ఫోటో.